అత్తయ్య పాట కోసం ట్రాక్ స్కేల్ మార్చాం, తబలాను మాత్రం కదపలేదు

ఫిబ్రవరి 8న రాజమండ్రిలో మా మామయ్యగారి షష్టిపూర్తి. ఆ సాయంత్రం అత్తయ్య ఆయనకిష్టమైన ఒక పాత సినిమా పాట కరోకే ట్రాక్ మీద పాడాలని సంక్రాంతికి అందరం కలిసినప్పుడే ఖాయమైపోయింది. చిక్కేమిటంటే ఆ పాట మగగొంతుది. ఇంట్లో కీబోర్డు ఉన్నదీ, కాస్తో కూస్తో ఆడియో ఎడిటింగ్ తెలిసినదీ నాకే కాబట్టి ట్రాక్‌ను ఆవిడ శ్రుతికి మార్చే పని నాకు అప్పజెప్పారు. "యాప్‌లో ఒక బటన్ నొక్కితే అయిపోతుంది కదా వదినా" అన్నాడు మరిది. నిజంగానే స్కేల్ మార్చడానికి పట్టేది నిమిషాలే. మిగతా మూడు వారాలూ ఎంత మార్చాలి, పైకా కిందికా, దేన్ని అసలు ముట్టుకోకూడదు అనే వాటి మీదే గడిచిపోయాయి.

ముందు ట్రాక్ సంగతి. విజయవాడలో ఇలాంటి పాత పాటలకు ట్రాకులు చేసి ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన దగ్గర 250 రూపాయలకు ఎంపీ3 కొన్నాం. మరిది అప్పటికే ఒక వీడియో సైట్ నుంచి అదే పాట ట్రాక్ దించి, ఫోన్ యాప్‌లో స్కేల్ మార్చి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. ఫైలు పేరులో 320 అని ఉంది, అంటే ఎక్కువ బిట్‌రేట్ ఉన్న మంచి ఎంపీ3 అని అర్థం. వింటే మాత్రం ఏదో దుప్పటి కప్పినట్టుంది. అదీ, కొన్నదీ రెండూ ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో పెట్టి, ట్రాక్ పేరు మీద నొక్కితే వచ్చే మెనూలో Spectrogram ఎంచుకుని చూశాను. ఆ బొమ్మలో కింద మంద్ర ధ్వనులు, పైన తీక్షణమైన ధ్వనులు కనిపిస్తాయి. కొన్న ఫైలులో రంగు దాదాపు 20 కిలోహెర్ట్జ్ దాకా ఉంది. మరిది ఫైలులో (యాప్ పెట్టకముందు దించిన అసలుది అడిగి తీసుకున్నాను) 16 దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అంటే అది ఎప్పుడో సైజు తగ్గించడానికి తక్కువ బిట్‌రేట్‌లో నొక్కేసిన ఫైలు. దాన్నే మళ్లీ 320లో సేవ్ చేసి ఎవరో ఎక్కించారు. పేరు మారినంత మాత్రాన పోయిన పైధ్వని తిరిగి రాదు.

స్కేల్ మార్చేటప్పుడు ఇది ఎందుకు ముఖ్యమంటే, శ్రుతి కిందికి దించితే ఆ గీత కూడా కిందికి దిగుతుంది. హార్మోనియం మీద లెక్కపెట్టే మెట్లలో అయిదు దించితే ప్రతి ధ్వనీ ముప్పావు వంతు ఎత్తుకు వస్తుంది, 16 కాస్తా 12 అవుతుంది. మరిది యాప్‌లో చేసింది అదే. అందుకే మంజీరాలు, షేకర్ ఉన్నట్టే లేవు. పైకి జరిపితే ఈ బాధ ఉండదు గానీ, ఎంపీ3 నొక్కినప్పుడు చేరిన గరగర కూడా పైకి లేచి చెవికి ఇంకా బాగా తగులుతుంది. ఏ వైపు జరిపినా మొదట చేతిలో ఉండే ఫైలు శుభ్రంగా ఉండాలి. మరిది ఫైలును అక్కడితో పక్కన పెట్టేశాం. వాడు కాస్త నొచ్చుకున్నాడు కూడా.

ఇక ఆవిడకు ఎంత శ్రుతి కావాలి?

అత్తయ్య చిన్నప్పుడు కర్ణాటక సంగీతం కొన్నేళ్లు నేర్చుకున్నారు. "నాది అయిదున్నర శ్రుతి, అందులో సందేహం లేదు" అన్నారు. సంగీతం నేర్చుకోనివాళ్ల కోసం ఒక్కమాట: హార్మోనియం మీద సి మెట్టు ఒకటో శ్రుతి, సి షార్ప్ ఒకటిన్నర, ఎఫ్ షార్ప్ నాలుగున్నర, జి అయిదు, జి షార్ప్ అయిదున్నర. ఒక్కో మెట్టూ ఒక్కో సెమిటోన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో మనం కొట్టే అంకె ఒకటి. కొన్న ట్రాక్‌లో షడ్జమం, అంటే సా, ఒకటిన్నర దగ్గర ఉంది, మగవాళ్లు తరచూ పాడే చోటే.

జనవరి 17, 18 తేదీల్లో అక్కడే ఉన్నాం కాబట్టి కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ పెట్టుకుని ఆవిడతో పాడించాను. అయిదున్నరలో పల్లవి హాయిగా వచ్చింది. ఇంట్లో అందరూ "ఇదే, ఇదే" అనేశారు. కానీ పాటకు శ్రుతి పల్లవి దగ్గర తేలదు. ఈ పాటలో రెండో చరణం చివర తారస్థాయి గాంధారం మీద నిలబడి, ఊపిరి తీసుకోకుండా పల్లవిలోకి దిగాలి. ఆ లైనును ఆగకుండా మూడుసార్లు పాడమన్నాను. మొదటిసారి వచ్చింది. రెండోసారి మెడ నరం కనిపించింది. మూడోసారి గాంధారం అందుకుంది గానీ అది పాటలా లేదు, పిలుపులా ఉంది. అత్తయ్యకే నవ్వొచ్చింది. "నలభై ఏళ్ల కిందట నేర్చుకున్నప్పటి శ్రుతిని ఇంకా పట్టుకు వేలాడుతున్నాను" అన్నారు.

అయిదుకు దించాం. కొంచెం నయం. నాలుగున్నరలో ఆ లైను మూడుసార్లూ ఒకేలా వచ్చింది, పైగా గమకం వేయడానికి చోటు మిగిలింది. ఇంకో మెట్టు దించి నాలుగులో చూస్తే పైన మరీ సుఖంగా ఉంది గానీ, పాట మొదట్లో వచ్చే కింది నిషాదం గాలిలో కలిసిపోయింది. మైకులో అయితే అసలు వినబడదు. కాబట్టి నాలుగున్నర.

ఇది సాయంత్రం పూట తేల్చుకోవడం మంచిదైంది. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ మళ్లీ పాడితే నాలుగు కూడా బాగానే ఉందనిపించింది. నిద్ర లేచిన గొంతు కిందికి బాగా దిగుతుంది, పైకి ఎక్కదు. ఫంక్షన్‌లో ఆవిడ పాడేది రాత్రి ఏడు గంటలకి, రోజంతా వచ్చినవాళ్లతో మాట్లాడి మాట్లాడి. అందుకే సాయంత్రం లెక్కనే తీసుకున్నాం.

హైదరాబాద్ వచ్చాక కాగితం మీద లెక్క వేసుకుంటే నాకో సంగతి తట్టింది. ట్రాక్ ఒకటిన్నరలో ఉంది. దాన్ని అయిదున్నరకు తేవాలంటే ఏడు మెట్లు పైకి జరపాలి, లేదా అయిదు మెట్లు కిందికి. ఎటు జరిపినా షడ్జమం జి షార్ప్ మీదకే వస్తుంది, స్థాయి మాత్రమే తేడా. పాడేవాళ్లు తమ స్థాయిలో తాము పాడుకుంటారు కాబట్టి వాళ్లకు రెండూ ఒకటే. వాయిద్యాలకు మాత్రం ఒకటి కాదు. ఏడు కంటే అయిదు తక్కువ, కాబట్టి అయిదున్నరకైతే కిందికి జరపడమే మేలు. నాలుగున్నరకు వచ్చేసరికి లెక్క తిరగబడింది: పైకి అయిదు, కిందికి ఏడు. మధ్యలో ఉన్న అయిదో శ్రుతి అన్నిటికంటే చెడ్డది, అటు ఆరు, ఇటు ఆరు. పాడేవాళ్లు ఒక్క మెట్టు అటూ ఇటూ అయితే ట్రాక్ జరిపే దిశే మారిపోతుంది. అందుకే శ్రుతి తేలకుండా ఫైలు మీద చెయ్యి వేయకపోవడం మంచిది.

సరే, పైకి అయిదు. మొదట కొన్న ఎంపీ3 మొత్తాన్నీ ఒకేసారి మార్చి విందామనుకున్నాను. ఆడాసిటీలో Effect మెనూలో Pitch and Tempo కింద Change Pitch తెరిచి, సెమిటోన్ల గడిలో 5 కొట్టాను. కింద Use high quality stretching (slow) అని ఒక టిక్ ఉంటుంది. అది లేకుండా ఒకటి, పెట్టి ఒకటి చేశాను.

టిక్ లేనిదాంట్లో తబలా దెబ్బ ఒక్కోచోట రెండుసార్లు పడింది, 'నా' అనాల్సిన చోట 'న-నా' అన్నట్టు. టిక్ పెట్టినదాంట్లో ఆ జంట దెబ్బ పోయింది, వయొలిన్లు నున్నగా వచ్చాయి. కానీ తబలా దెబ్బకు ఉండాల్సిన అంచు కరిగిపోయింది. దీనికి కారణం ఉంది. వేగం మారకుండా శ్రుతి మార్చాలంటే సాఫ్ట్‌వేర్ ధ్వనిని చిన్న చిన్న ముక్కలు చేసి మళ్లీ అతకాలి. సాగే స్వరంలో అతుకు తెలియదు. రెప్పపాటులో పుట్టి పోయే దెబ్బ మాత్రం ముక్కల మధ్య పడితే రెండుగా వినిపిస్తుంది, లేదంటే పరుచుకుపోతుంది. అందుకే మార్చిన ట్రాక్ బాగుందో లేదో తెలుసుకోవాలంటే పాట మొదటి నుంచి వినక్కర్లేదు. తబలా ఒంటరిగా వినిపించే చోటు, మంజీరా మోగి ఆరిపోయే చోటు హెడ్‌ఫోన్లలో వింటే చాలు.

దెబ్బ సంగతి అలా ఉంచితే, తబలా స్వరమే పాడైంది. సి షార్ప్‌కు బిగించిన తబలా అయిదు మెట్లు పైకి ఎక్కేసరికి ప్లాస్టిక్ డబ్బా మీద గోటితో కొట్టినట్టుంది. పాటలో అక్కడక్కడా ఆడవాళ్ల కోరస్ ఆలాపన ఉంది. అది పదేళ్ల పిల్లలు పాడినట్టు వచ్చింది. భర్త విని "ఇది షష్టిపూర్తా, బారసాలా?" అన్నాడు. ఆ రాత్రి నిజంగా టెన్షన్ వచ్చింది. శ్రుతి ఖాయమని అత్తయ్యకు చెప్పేశాను, ఆవిడ నాలుగున్నరలో సాధన కూడా మొదలుపెట్టేశారు.

జనవరి 21న ట్రాక్ చేసినాయనకు ఫోన్ చేశాను. ముందు అందరూ అడిగేదే అడిగాను: "మీ దగ్గర ప్రాజెక్టు ఉంటుంది కదండీ, కీబోర్డులోనే స్కేల్ మార్చి ఇవ్వలేరా?"

"అలా అయితే ఎప్పుడో ఇచ్చేవాణ్నమ్మా. ఫ్లూటు, వయొలిన్, కోరస్ అన్నీ మనుషులే వాయించారు, పాడారు. తబలా కూడా లైవే. మళ్లీ వాయించాలంటే కొత్త ట్రాక్ లెక్కే, నాలుగు వేలు దాటుతుంది, పైగా మాఘమాసం పెళ్లిళ్లు, నెలాఖరు దాకా ఎవరూ దొరకరు."

"పోనీ, రిథమ్ వేరుగా, మిగతాది వేరుగా ఇవ్వగలరా? కోరస్ ఇంకో ఫైలుగా?"

కాసేపు ఆలోచించి "అది ఇవ్వొచ్చు, పాత హార్డ్‌డిస్క్ వెతకాలి. పదిహేను వందలు ఇవ్వండి" అన్నారు. నేను మరో రెండు మాటలు అడిగాను. ఎంపీ3 వద్దు, అలా నొక్కి చిన్నవి చేయని వేవ్ ఫైళ్లు కావాలని. మూడూ పాట మొదటి సెకను నుంచే మొదలవ్వాలని, కోరస్ ఫైలులో ముందు నిమిషం అంతా నిశ్శబ్దమే ఉన్నా దాన్ని కత్తిరించకూడదని. ఎంపీ3కి మారిస్తే ప్రతి ఫైలుకూ మొదట్లో రవ్వంత ఖాళీ చేరుతుంది. వేరువేరు ఫైళ్లలో ఆ ఖాళీ ఒకేలా ఉంటుందన్న నమ్మకం లేదు, మళ్లీ కలిపినప్పుడు తాళం తడబడుతుంది.

రేపిస్తానన్నవి ఇరవయ్యారో తేదీ సెలవు కూడా దాటాక, 27 రాత్రి వచ్చాయి. మధ్యలో ఆయన్ను ఫోన్లతో విసిగించలేక, మెసేజ్ పెట్టి నీలిగీతలు ఎప్పుడొస్తాయా అని చూస్తూ కూర్చున్నాను. వచ్చిన మూడింటినీ ముందు ఏమీ మార్చకుండా ఒకదాని కింద ఒకటి పెట్టి విన్నాను. 250 రూపాయల ఎంపీ3తో పోలిస్తే ఇవే ఎంతో తేటగా ఉన్నాయి. ఆ ఒక్కదానికే పదిహేను వందలు గిట్టాయనిపించింది.

ఇప్పుడు రిథమ్ ఏం చేయాలి? అందులో డోలక్, షేకర్, మంజీరా, తబలా ఉన్నాయి. మొదటి మూడింటికీ శ్రుతితో పెద్దగా పని లేదు, వాటిని ముట్టుకోనక్కర్లేదు. తబలా అలా కాదు. కుడిచేతి తబలా పాట శ్రుతికి బిగించి ఉంటుంది. 'నా' అనో 'తిన్' అనో కొట్టినప్పుడల్లా ఒక స్వరం మోగుతుంది. మిగతా పాట అయిదు మెట్లు పైకి వెళ్లి తబలా పాత చోటే ఉండిపోతే అపశ్రుతి అవుతుందేమోనని నా భయం. దాన్నీ జరిపితే డబ్బా చప్పుడు. మళ్లీ మొదటికే వచ్చాం అనుకుంటూ అత్తయ్యకు వీడియో కాల్ చేసి, ఒకటిన్నరలోనే ఉన్న తబలాను ఒంటరిగా వినిపించి, మీ నాలుగున్నర శ్రుతిలో సా అనండి అన్నాను.

ఆవిడ సా పట్టుకుని రెండు ఆవర్తాలు విన్నారు. "అమ్మాయీ, తబలా పంచమం పలుకుతోంది కదే. ఉంచెయ్, ఇంకేం కావాలి!"

వెంటనే కీబోర్డు మీద నొక్కి చూశాను. ఎఫ్ షార్ప్ షడ్జమమైతే సి షార్ప్ దానికి పంచమమే. తబలాను షడ్జమానికి కాకుండా పంచమానికి బిగించడం కొత్తేమీ కాదు, కచేరీల్లో మామూలే. అంటే అయిదు మెట్లు పైకి జరిపినప్పుడు పాత షడ్జమం దానంతటదే కొత్త పంచమం అవుతుంది, తబలాను ముట్టుకోవాల్సిన పనే లేదు. ఇదే మేం మొదట అనుకున్న అయిదున్నర అయి ఉంటే, జి షార్ప్‌కు సి షార్ప్ మధ్యమం అయ్యేది. ఈ పాట పల్లవిలో మధ్యమం లేదు, అక్కడ తబలా మోగినప్పుడల్లా తేడాగా వినిపించేది. అదృష్టమనాలో, గొంతు తన శ్రుతిని తానే ఎంచుకున్నందుకు దొరికిన లాభమనాలో.

మిగిలింది వాయిద్యాల ఫైలు, కోరస్ ఫైలు. వీటికి ఆడాసిటీ బదులు రబ్బర్‌బ్యాండ్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. దానికి కమాండ్ కొట్టాలి, అంతకు మించి కష్టం లేదు. 2022లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి దాంట్లో `--fine` అనే మెరుగైన పద్ధతి ఉంది. నిదానంగా చేస్తుంది గానీ వయొలిన్ల గుంపు చెదరదు. నేను కొట్టినవి ఇవే:

```
ffmpeg -i music.wav -af volume=-3dB -c:a pcm_s24le m.wav
rubberband --fine -p 5 m.wav m5.wav
rubberband --fine --formant -p 5 chorus.wav c5.wav
```

మొదటి లైను ffmpeg అనే ఇంకో ఉచిత ప్రోగ్రాంది. అది ఎందుకంటే, శ్రుతి జరిపినప్పుడు ధ్వని శిఖరాలు ఉన్నదానికంటే పైకి లేవొచ్చు. ఫైలు ముందే అంచు దాకా నిండి ఉంటే అవి తెగిపోకుండా రబ్బర్‌బ్యాండ్ తనంతట తానే వాల్యూమ్ తగ్గించి మళ్లీ మొదలుపెడుతుంది, ఎంత తగ్గిందో మన చేతిలో ఉండదు. మూడు డెసిబెల్స్ తగ్గించి పెడితే ఆ జాగా దొరుకుతుంది. కోరస్‌కు అంత అవసరం లేదు, అది తక్కువ వాల్యూమ్‌లోనే ఉంది. వాయిద్యాలను మూడు తగ్గించాను కాబట్టి కలిపేటప్పుడు మిగతా రెండింటినీ అంతే తగ్గించాను.

మూడో లైనులో ఉన్న `--formant` కోరస్ కోసం. మనిషి పై స్వరం పాడినంత మాత్రాన నోరు, గొంతుగొట్టం చిన్నవైపోవు. కానీ మొత్తం ధ్వనిని గుడ్డిగా పైకి జరిపితే అవి చిన్నవైపోయినట్టే వినిపిస్తుంది, పెద్దవాళ్ల గొంతు పిల్లల గొంతుగా మారేది అందుకే. ఈ ఆప్షన్ గొంతు ఆకారాన్ని ఉన్నచోట ఉంచి స్వరాన్ని మాత్రం జరుపుతుంది. ఫలితం అద్భుతం అనను, కొద్దిగా ముక్కుతో పాడినట్టుంది. కానీ ఆడవాళ్లు పాడినట్టే ఉంది. వాల్యూమ్ ఇంకో రెండు డెసిబెల్స్ తగ్గిస్తే వెనక కలిసిపోయింది. ఇదే ఆప్షన్ వాయిద్యాల ఫైలుకూ పెట్టి చూశాను, అక్కడ వయొలిన్లు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అయ్యాయి. గొంతులకే వాడటం మంచిది.

కలిపేముందు అతుకు సరిచూసుకోవాలి. మూడింటి నిడివి ఒకటేనా, మొదటి మంజీరా దెబ్బా గిటార్ మీటూ ఒకే చోట పడుతున్నాయా అని అలలను పెద్దవి చేసి చూశాను. సరిపోయాయి.

అన్నీ బాగుపడ్డాయని చెప్పను. రెండో చరణం ముందు వచ్చే ఫ్లూటు అయిదు మెట్లు పైకెక్కి చిన్న పిల్లనగ్రోవి అయిపోయింది, ఊదేటప్పటి గాలి శబ్దం 'సుస్'మని వినిపిస్తోంది. ఆ ముక్కను మాత్రం కిందికి ఏడు జరిపి పెడదామని చూస్తే బొంగురుపోయింది, గమకాలన్నీ బరువెక్కాయి. చివరికి పైకి జరిపినదే ఉంచి, ఆ చోట వాల్యూమ్ కొంచెం తగ్గించాను. ఇంకొకటి, బేస్ గిటార్ కూడా పైకి వెళ్లింది కాబట్టి కింద కాస్త ఖాళీ అనిపించింది. వంద హెర్ట్జ్ చుట్టూ రెండు డెసిబెల్స్ పెంచితే సరిపోయింది. అంతకు మించి ఈక్వలైజర్ జోలికి పోలేదు. ఎక్కువ కెలికితే ఒక లోపం పూడ్చబోయి రెండు తెచ్చుకోవడమే.

ఫిబ్రవరి 1న ట్రాక్ అత్తయ్యకు పంపాను. వెంటనే ఫోన్: "బాగుందే గానీ, పరిగెడుతోంది." వేగం నేను మార్చలేదు, నిడివి పాత ట్రాక్‌తో సమానంగానే ఉంది. కానీ పైకి జరిగిన పాట చురుగ్గా, కాస్త వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది, అది చెవి చేసే మాయ. నెమ్మది చేయడం కష్టం కాదు, రబ్బర్‌బ్యాండ్‌లోనే నిడివి పెంచొచ్చు. కానీ అప్పుడు రిథమ్ ఫైలును కూడా సాగదీయాలి, ఇంత కష్టపడి కాపాడిన తబలా దెబ్బలు మళ్లీ అతుకుల పాలవుతాయి. "రెండు రోజులు పాడి చూడండి, అప్పటికీ అలాగే ఉంటే మారుస్తాను" అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పేపర్ మీద చూసుకోని చిక్కు హాల్లో ఎదురైంది. 8న సాయంత్రం అయిదింటికి సౌండ్ చెక్ చేయమంటే, సౌండ్ వాళ్ల మిక్సర్‌కున్న పెన్‌డ్రైవ్ ప్లేయర్ నా 24 బిట్ వేవ్ ఫైలును చూడనే లేదు. అలాంటిదేదో ఉంటుందని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఒకటి, 320 ఎంపీ3 ఒకటి కూడా పెట్టుకెళ్లాను. వేవ్ మోగింది. మోగింది గానీ ఫ్లూటు లేదు! చూస్తే ప్లేయర్ నుంచి మిక్సర్‌కు ఒక్క వైరే, ఎడమ పక్కది మాత్రమే పెట్టారు. ట్రాక్‌లో ఫ్లూటు కుడి పక్కన ఉంది. "అందరికీ ఇలాగే పెడతాం మేడం, ఎవరూ అడగలేదు" అన్నాడు ఆ అబ్బాయి. ఇలాంటి హాళ్ల కోసం రెండు పక్కలూ కలిపి చేసిన మోనో ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంది, దాన్నే పెట్టించాను.

మోనో ఫైలు ఇంట్లోనే విని చూసుకోవడం అవసరం. ఎందుకంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ, కుడి పక్కలను విడివిడిగా జరుపుతాయి, రెండూ రవ్వంత తేడాగా వస్తాయి. హెడ్‌ఫోన్లలో అది తెలియదు. రెండూ కలిపేసరికి మధ్యలో ఉండాల్సిన బేస్ గిటార్ డొల్లగా అయిపోతుంది. మరిది యాప్ ఫైలును సరదాకి అలా కలిపి చూస్తే సరిగ్గా అదే జరిగింది. మాదాంట్లో వయొలిన్ల విస్తారం కొంచెం తగ్గిందంతే.

ఏడున్నరకు అత్తయ్య పాడారు. రెండో చరణం చివర గాంధారం మీద ఇంట్లో నిలబడిన దానికంటే ఎక్కువసేపే నిలబడ్డారు, తర్వాతి లైను అందుకోవడానికి తబలా ఒక్క ఆవర్తం కూడా ఆగదు కాబట్టి మా గుండెలు ఆగాయి. సమానికి వచ్చి పడ్డారు. మామయ్యగారు ట్రాక్ గురించి ఒక్క ముక్క అనలేదు. దాన్ని నేను మెప్పుగానే తీసుకున్నాను.

మొత్తం ఖర్చు 1,750 రూపాయలు, సాఫ్ట్‌వేర్‌కు పైసా పడలేదు. భోజనాల దగ్గర మా పిన్నత్తగారు పట్టుకున్నారు, అదే ట్రాక్ తనకు అయిదున్నరలో కావాలట, మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో పాడతారట. ముందు రెండో చరణం చివరి లైను సాయంత్రం పూట మూడుసార్లు వరుసగా పాడి నాకు వాట్సాప్‌లో పంపమన్నాను. ఒకవేళ అయిదున్నరే ఖాయమైతే తబలా మధ్యమంలో పడుతుంది, ఆ రిథమ్ ఒక్కటైనా కొత్తగా వాయించి ఇస్తారేమో విజయవాడ ఆయన్ను కనుక్కోవాలి. పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఫోన్ చేయమన్నారు.